గంటకు ఎంత పడుతుంది? డీఎస్సీ కోచింగ్ ఫీజుల లెక్క

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని మధ్యతరగతి ఇళ్లలో చదువు పూర్తయిన పిల్లల కోసం మళ్లీ పెద్ద మొత్తంలో ఖర్చు పెట్టవలసి వచ్చే సందర్భాలలో ఉపాధ్యాయ నియామక పరీక్షకు కోచింగ్ ఒకటి. జిల్లా ఎంపిక సంఘం పేరు మీద డీఎస్సీ అని అందరూ పిలిచే ఈ పరీక్షకు విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ శిక్షణ కేంద్రాలు ఉన్నాయి, ఊళ్లలో ఇంటి వద్ద చెప్పే విశ్రాంత ఉపాధ్యాయులు ఉన్నారు, ఫోనులో దొరికే ఆన్‌లైన్ కోర్సులు కూడా ఉన్నాయి. ఈ మూడింటి ఫీజులు ఒకదానితో ఒకటి నేరుగా పోల్చదగినవి కావు, ఎందుకంటే ఒకరు కోర్సు మొత్తానికి, ఇంకొకరు నెలకు, మరొకరు వీడియోలు చూసుకునే గడువుకు ధర చెబుతారు. కరపత్రం మీద కనిపించే అంకె ధర కాదు. విద్యార్థికి నిజంగా అందిన బోధన గంటలతో దానిని భాగించి, మెటీరియల్‌కూ వసతికీ విడిగా పెట్టిన డబ్బు కలిపి, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి వస్తుందో చూసిన తరువాత తేలేదే ధర.

డీఎస్సీ విషయంలో ఈ లెక్కను మరింత చిక్కుపరిచే అంశం పరీక్ష తేదీ. 2018 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద ప్రకటన 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వెలువడింది, కాని పరీక్ష జరగకుండానే అది రద్దయింది. 2024 జూన్‌లో కొత్త ప్రభుత్వం 16,347 పోస్టుల మెగా డీఎస్సీ దస్త్రంపై సంతకం చేసింది. అదే ఏడాది అక్టోబరులో ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అంటే టెట్, జరిగింది. నవంబరులో డీఎస్సీ ప్రకటన వస్తుందని అందరూ ఎదురుచూశారు, అయితే ఎస్సీ వర్గీకరణ తేలవలసి ఉండడంతో అది వాయిదా పడి చివరకు 2025 ఏప్రిల్ 20న వెలువడింది. పరీక్షలు జూన్ 6న మొదలయ్యాయి. అంటే 2024 ఆగస్టులో నాలుగు నెలల కోర్సుకు ఫీజు కట్టిన అభ్యర్థికి ఆ కోర్సు ముగిసేనాటికి ప్రకటన కూడా రాలేదు. ప్రకటన వచ్చాక పరీక్షకు మిగిలింది ఏడు వారాలకు లోపు. తేదీ తెలియని పరీక్షకు తేదీ నిర్ణయించిన కోర్సును కొనడమే ఇక్కడి ఆర్థిక సమస్యకు మూలం.

ఈ వ్యాసకర్త కుటుంబం ఎదుర్కొన్న నిర్ణయం ఈ సమస్యకు తగిన ఉదాహరణ. పొందూరులో ఉండే ఆ కుటుంబంలో డీఎడ్ చదివిన ఒక యువతి సెకండరీ గ్రేడ్ టీచర్, అంటే ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయ పోస్టుకు 2024 వేసవి చివరలో చదవడం మొదలుపెట్టవలసి వచ్చింది. ఆ ఊరు హౌరా–చెన్నై రైలు మార్గం మీద ఉంది కాబట్టి ఒకవైపు విజయనగరం, మరోవైపు శ్రీకాకుళం రెండూ అందుబాటులో ఉన్నట్లే కనిపిస్తాయి. ఇంట్లో మూడు ప్రతిపాదనలు నిలిచాయి. మొదటిది పట్టణంలోని ఒక కేంద్రంలో హాస్టల్‌లో ఉంటూ నాలుగు నెలల కోర్సు, రెండవది ఆరు నెలల గడువు గల ఒక ఆన్‌లైన్ కోర్సు, మూడవది దగ్గరలోనే ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుని ఇంటి ట్యూషన్.

కేంద్రం చెప్పిన ఫీజు ఒకేసారి కడితే 14,000 రూపాయలు, నెలవారీగా అయితే నెలకు 4,000 రూపాయలు. మెటీరియల్‌కు 2,500 రూపాయలు విడిగా కట్టాలి. రోజుకు ఆరు గంటలు, వారానికి ఆరు రోజులు అని కరపత్రం చెప్పింది. నెలకు 26 రోజుల చొప్పున నాలుగు నెలలకు 104 రోజులు, రోజుకు ఆరు గంటలైతే 624 గంటలు వస్తాయి. మెటీరియల్‌తో కలిపి 16,500 రూపాయలను 624తో భాగిస్తే గంటకు సుమారు 26 రూపాయలు, అంటే ఒక టిఫిన్ ఖర్చు. ఇంత చవకగా పాఠం దొరుకుతుందన్న భావన కలిగించడమే ఆ కరపత్రం ఉద్దేశం, అందులోని అంకెలు అబద్ధమూ కావు.

అయితే ఆ ఆరు గంటల్లో ఏమేమి ఉన్నాయో విడదీసి చూసినప్పుడు లెక్క మారుతుంది. టైంటేబుల్ అడిగి తీసుకుంటే రోజులో నాలుగు గంటలు మాత్రమే ఉపాధ్యాయుడు బల్ల ముందు నిలబడి చెప్పే పాఠమనీ, తక్కిన రెండు గంటలు ‘స్టడీ అవర్’ పేరుతో అభ్యర్థులు తమంతట తాము చదువుకునే సమయమనీ తేలింది. స్టడీ అవర్ పనికిరానిదని దీని అర్థం కాదు, కాని దానికి బోధన గంట ధర కట్టనక్కరలేదు. ఇక ఆగస్టు నుంచి నవంబరు వరకు గల కాలంలో వినాయక చవితి, దసరా, దీపావళి ఉన్నాయి. దసరా వెళ్లిన తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఆ రోజు విజయనగరంలో తరగతులు జరుగుతాయని ఎవరూ ఆశించరు. సెలవులకూ తరగతి రద్దయ్యే రోజులకూ కలిపి పది రోజులు తీసివేస్తే 94 రోజులు, రోజుకు నాలుగు గంటల చొప్పున 376 గంటలు మిగులుతాయి. అప్పుడు గంట ధర 26 నుంచి 44 రూపాయలకు చేరుతుంది.

దానికి హాస్టల్ ఖర్చు కలపాలి. నెలకు 5,000 రూపాయల చొప్పున నాలుగు నెలలకు 20,000 రూపాయలు. మొత్తం 36,500 రూపాయలను 376 గంటలతో భాగిస్తే గంటకు 97 రూపాయలు పడుతుంది. మొదట చెప్పిన 26తో పోలిస్తే ఇది దాదాపు నాలుగింతలు. రోజూ రైలులో వెళ్లివస్తే హాస్టల్ ఖర్చు తప్పుతుంది, సీజన్ టికెట్ దానితో పోలిస్తే చాలా తక్కువ. అయితే స్టేషన్‌కు నడక, బండి ఆలస్యం, తిరుగు ప్రయాణం కలిపి రోజులో చదువుకోగలిగిన గంటలు తరిగిపోతాయి. మరోవైపు నుంచి చూస్తే, ఇంటి పని, చంటిపిల్లలు, వచ్చేపోయే బంధువులు ఉన్న ఇంట్లో చదవలేని యువతికి హాస్టల్ బోధనను కాక సమయాన్ని కొనిపెడుతుంది. ఆ సమయం విలువైనదే కావచ్చు, కాని దానికి పెట్టిన ఖర్చును కేంద్రం బోధన గొప్పతనంగా లెక్కించకూడదు. అలాంటి అవసరమే ఉంటే ఊళ్లోని గ్రంథాలయమో బంధువుల ఇంటి మేడగదో కూడా పోటీలో నిలబడతాయి.

ఇంకొక మెట్టు దిగితే అవసరమైన గంటల ప్రశ్న వస్తుంది. ఆ అభ్యర్థి తెలుగులోనూ విద్యా మనోవిజ్ఞానంలోనూ గట్టిది, ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివింది కాబట్టి సైన్సులో ఇబ్బంది లేదు, వెనుకబాటంతా గణితంలోనూ ఇంగ్లీషు వ్యాకరణంలోనూ ఉంది. కేంద్రం మాత్రం అన్ని సబ్జెక్టులను కలిపి ఒకే మూటగా అమ్ముతుంది. తనకు వచ్చిన పాఠాన్ని మళ్లీ వినడం పునశ్చరణ అని సర్దిచెప్పుకోవచ్చు గాని, దాని కోసం డబ్బు కట్టే ముందు డీఎస్సీ సిలబస్‌ను ఎదురుగా పెట్టుకొని, పాత ప్రశ్నపత్రం ఒకటి గడియారం చూసుకుంటూ రాసి, ఏ భాగంలో మార్కులు పోతున్నాయో గుర్తించడం అవసరం. రాతపరీక్షకు 80 మార్కులు, టెట్ మార్కుల నుంచి 20 వెయిటేజి ఉండే ఈ ఎంపికలో మార్కులో పదో వంతుతోనే స్థానాలు తారుమారవుతాయి. కాబట్టి గంటల సంఖ్య కంటే ఆ గంటలు ఏ సబ్జెక్టులో పడుతున్నాయన్నదే పెద్ద విషయం.

ఆన్‌లైన్ కోర్సు ధర 5,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 900 రూపాయలు కలిపి 5,900. ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక అవసరం. వాణిజ్య శిక్షణకు జీఎస్టీ 18 శాతం ఉంటుంది, ఏడాదికి 20 లక్షల రూపాయల లోపు రాబడి ఉన్న చిన్న ట్యూషన్లకు అది వర్తించదు. కాబట్టి పెద్ద కేంద్రం చెప్పిన ఫీజు పన్నుతో కలిపా, పన్ను కాకనా అని ముందే అడగాలి. 14,000 రూపాయలకు పన్ను వేరుగా పడితే అది 16,520 అవుతుంది. ఆన్‌లైన్ కోర్సు 450 గంటల వీడియోలని చెప్పుకుంది, కాని వీడియోల జాబితా తెరిచి నిడివి కూడి చూసినప్పుడు ఒకే పాఠం వేర్వేరు బ్యాచ్‌లకు రికార్డు చేసినవి పక్కపక్కనే కనిపించాయి, పరిచయ ప్రసంగాలు, పాత కరెంట్ అఫైర్స్ కూడా ఆ మొత్తంలోనే ఉన్నాయి. అవి తీసివేస్తే 300 గంటలు మిగిలాయి. పీడీఎఫ్ రూపంలో ఇచ్చిన మెటీరియల్‌ను జిరాక్స్ తీయించుకోవడానికి 1,800 రూపాయలు లెక్కవేసుకుంటే మొత్తం 7,700, గంటకు 26 రూపాయలలోపే. అంకెల్లో అన్నింటికంటే చవక ఇదే. అయితే రికార్డు పాఠం వినేవారు సగంలో వదిలేయడం చాలా ఇళ్లలో కనిపించేదే. 300 గంటల్లో 150 గంటలే చూస్తే గంట ధర 51 రూపాయలు అవుతుంది. కాబట్టి ఆన్‌లైన్ కోర్సు ధర నిర్ణయించేది అమ్మేవాడు కాదు, చూసేవాడి క్రమశిక్షణ. ఇంతకుముందు కొన్న ఏదైనా కోర్సును ఎంతవరకు పూర్తిచేశారన్నది దీనికి నిజాయితీగల కొలమానం.

ఇంటి ట్యూషన్ నెలకు 2,000 రూపాయలు, వారానికి ఐదు రోజులు, రోజుకు రెండు గంటలు, గణితం మాత్రమే. నెలకు సుమారు 40 గంటలు కాబట్టి గంటకు 50 రూపాయలు. కేంద్రం మొదటి అంకె కంటే ఇది దాదాపు రెట్టింపు, వసతి కలిపిన అసలు అంకెలో సగం. పన్నెండు మంది విద్యార్థులు, నెల చివర డబ్బు, మెటీరియల్ అంటూ ఏమీ లేదు.

ఇక్కడ బ్యాచ్ పరిమాణం లెక్కలోకి వస్తుంది. ఈ విషయంలో సాధారణంగా వినిపించే ‘తక్కువ మంది అయితే మంచిది’ అన్న మాట సగమే నిజం. చరిత్ర పాఠమో కరెంట్ అఫైర్సో వినడానికి 30 మంది ఉన్నా 150 మంది ఉన్నా పెద్ద తేడా ఉండదు, వెనుక బెంచీకి మాట వినిపించి బోర్డు కనిపిస్తే చాలు. గణితంలో మాత్రం అభ్యర్థి ఎక్కడ తప్పుతోందో ఎవరో ఒకరు ఆమె నోటుపుస్తకం చూసి చెప్పాలి. కేంద్రంలో సందేహాలకు రోజుకు అరగంట కేటాయించారు. 150 మందికి పంచితే ఒక్కొక్కరికి 12 సెకన్లు వస్తాయి, ఆచరణలో ముందు వరుసలోని నలుగురికే అది దక్కుతుంది. ఇంటి ట్యూషన్‌లో అదే అరగంట పన్నెండు మందికి పంచితే రెండున్నర నిమిషాలు. కాబట్టి బ్యాచ్ చిన్నదిగా ఉండడానికి అదనపు ధర కట్టవలసింది దిద్దుబాటు అవసరమైన సబ్జెక్టుకే, వినికిడితో సరిపోయే సబ్జెక్టుకు అది వృథా ఖర్చు.

బ్యాచ్‌లో ఎందరున్నారని అడిగితే కార్యాలయంలో కూర్చున్నవారు చెప్పే సమాధానం ఆ రోజు వరకే నిజం. డెమో క్లాసు, అంటే ఫీజు కట్టకముందు ఉచితంగా వినిపించే నమూనా తరగతి, కొత్త బ్యాచ్ మొదటి వారంలో జరుగుతుంది కాబట్టి గది ఖాళీగా కనిపిస్తుంది. కొంత కాలానికి మానేసినవారు మానేయగా రెండు బ్యాచ్‌లను కలిపేయడం మామూలు. కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ 2024 జనవరిలో కోచింగ్ కేంద్రాల కోసం విడుదల చేసిన మార్గదర్శకాలు తరగతి గదిలో ఒక్కో విద్యార్థికి కనీసం ఒక చదరపు మీటరు స్థలం ఉండాలని చెబుతున్నాయి. ఒక చదరపు మీటరు అంటే పదకొండు చదరపు అడుగులకు కాస్త తక్కువ. నేల మీద రెండడుగుల పలకలు పరిచిన గదిలో ఒక్కో పలక నాలుగు చదరపు అడుగులు కాబట్టి ఒక్కొక్కరికి మూడు పలకల కంటే కొంచెం తక్కువ రావాలి. ముప్ఫై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు గల గదిలో 55 మందికి మించి కూర్చోకూడదు. నిలబడిన చోటనే పలకలు లెక్కపెట్టి ఆ గదిలో ఎందరికి చోటుందో తెలుసుకోవచ్చు, దానికి ఎవరినీ అడగవలసిన పని లేదు. అడగవలసింది ఒక్కటే, కోర్సు మధ్యలో బ్యాచ్‌లు కలిపితే గరిష్ఠ సంఖ్య ఎంతన్నది రసీదు మీద రాస్తారా లేదా అని.

మెటీరియల్ విషయంలో పేజీల సంఖ్య కంటే ముఖ్యమైన పరీక్ష ఒకటి ఉంది. సెకండరీ గ్రేడ్ పోస్టుకు విషయ ప్రశ్నలు రాష్ట్ర పాఠ్యపుస్తకాల ఆధారంగా వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 విద్యాసంవత్సరం నుంచి ఆ పుస్తకాలు దశలవారీగా మారాయి, ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. 2018 డీఎస్సీ కోసం తయారుచేసిన నోట్సుకు కొత్త అట్ట వేసి అమ్మితే అది బరువుగానే ఉంటుంది, పాఠాలు మాత్రం పాతవి. దీనిని కనిపెట్టడం తేలిక. ఇంట్లో బడికి వెళ్లే పిల్లవాడి ప్రస్తుత పుస్తకంలోని విషయసూచికను మెటీరియల్‌లోని విషయసూచిక పక్కన పెట్టి పది పాఠాల పేర్లు చూస్తే తెలిసిపోతుంది. పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి, అంటే ఎస్‌సీఈఆర్‌టీ, ఉచితంగానే ఇస్తోంది. పైన చెప్పిన 2024 మార్గదర్శకాలు నోట్సు, ఇతర మెటీరియల్ విడిగా రుసుము లేకుండా ఇవ్వాలని కూడా అంటున్నాయి. ఆ మాట కేంద్రం వద్ద ప్రస్తావించినప్పుడు 2,500 రూపాయల మెటీరియల్ తప్పనిసరి కాదని, కావలసినవారే కొనవచ్చని సమాధానం వచ్చింది. అడగకపోతే ఆ మొత్తం ఫీజు పక్కనే రాసి ఉండేది.

ఈ పోలికలో అందరూ చివర చూసేదీ, మొదట చూడవలసిందీ ఫీజు తిరిగి ఇచ్చే షరతు. కేంద్రం నియమం సూటిగా ఉంది, కట్టిన ఫీజు ఏ పరిస్థితిలోనూ తిరిగి ఇవ్వబడదు. ఒకేసారి కడితే 14,000, నెలవారీగా కడితే మొత్తం 16,000. ఒకేసారి కట్టినందుకు 2,000 రూపాయలు మిగులుతాయి. ఆ మిగులుకు ప్రతిగా ఏమి వదులుకుంటున్నారో లెక్కిస్తేనే అది రాయితీయో కాదో తెలుస్తుంది. నెల తరువాత మానేస్తే నెలవారీ పద్ధతిలో పోయేది 4,000, ఒకేసారి కట్టినవారికి పోయేది 14,000, తేడా 10,000. అంటే కోర్సు పూర్తిచేస్తే 2,000 లాభం, మొదటి నెలలోనే మానేస్తే 10,000 నష్టం. మానేసే అవకాశం ఆరింట ఒక వంతు ఉంటే లాభనష్టాలు సరిసమానం, అంతకంటే ఎక్కువ ఉంటే నెలవారీయే చవక. రెండు నెలల తరువాత మానేస్తే ఆ హద్దు నాలుగింట ఒక వంతు. ప్రకటన తేదీ తెలియని డీఎస్సీలో, పెళ్లి, ప్రసవం, అనారోగ్యం, ప్రైవేటు బడిలో ఉద్యోగం, ఇవన్నీ ఎదురుగా ఉన్న యువతి విషయంలో ఆరింట ఒక వంతు అన్నది చాలా చిన్న అంచనా. నెలవారీ కట్టే హక్కు ఏ పండుగ రాయితీ కంటే విలువైనదని ఈ వ్యాసకర్త నిశ్చితాభిప్రాయం.

నెలవారీ చెల్లింపుకూ ఈఎంఐకీ ఉన్న తేడాను ఇక్కడ విడిగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఆన్‌లైన్ కోర్సులు అమ్మేవారు రెండింటినీ ఒకే గొంతుతో చెబుతారు. నెలవారీ చెల్లింపులో బోధించేవాడే బాకీదారుకు ఎదురుగా ఉంటాడు, తరగతికి వెళ్లడం మానేస్తే చెల్లింపు ఆగుతుంది. ఈఎంఐలో ఒక ఫైనాన్స్ కంపెనీ కోర్సు మొత్తాన్ని సంస్థకు ముందే చెల్లించి, ఆ అప్పును అభ్యర్థి లేదా తండ్రి పేరు మీద రాసుకుంటుంది. కోర్సు నచ్చకపోయినా, యాప్ మూతపడినా, వాయిదా కట్టవలసిందే, కట్టకపోతే రుణచరిత్ర దెబ్బతింటుంది. వడ్డీ లేని ఈఎంఐ అన్న మాటలో వడ్డీ తరచు ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాగి ఉంటుందని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు రాసిన సర్క్యులర్‌లో వ్యాఖ్యానించింది. డిజిటల్ రుణాలపై రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాల ప్రకారం రుణం తీసుకున్నవారికి ఖర్చులన్నీ చూపే ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలి, ఒక స్వల్ప పునరాలోచన గడువులో అసలు, అప్పటివరకు అయిన ఖర్చు చెల్లించి జరిమానా లేకుండా బయటపడే వీలు కల్పించాలి. కాబట్టి ఓటీపీ చెప్పే ముందు ఆ పత్రంలో అప్పు ఇచ్చే సంస్థ పేరు, ఆ గడువు ఎన్ని రోజులన్నది చదవడం కనీస జాగ్రత్త.

ఆన్‌లైన్ కోర్సు షరతుల్లో మరొక మాట ఉంది. కోర్సు తెరిచిన తరువాత డబ్బు తిరిగి రాదు, గడువు కొన్న రోజు నుంచి ఆరు నెలలు. 2024 ఆగస్టులో కొంటే అది 2025 ఫిబ్రవరిలో ముగుస్తుంది, ప్రకటన ఏప్రిల్‌లో వచ్చింది. పునశ్చరణ అత్యవసరమైన కాలంలో వీడియోలు మూతపడి ఉంటాయి, మళ్లీ తెరవాలంటే మళ్లీ డబ్బు. గడువును నెలల్లో కాక ‘పరీక్ష ముగిసేవరకు’ అని రాసి ఇచ్చే కోర్సు వెయ్యి రూపాయలు ఎక్కువైనా దీనికంటే చవక. అది దొరకనప్పుడు మిగిలిన మార్గం కొనుగోలును వాయిదా వేయడమే. రికార్డు పాఠానికి సీట్లు నిండిపోవడం అంటూ ఉండదు కాబట్టి ‘ఈ రాత్రితో ఆఫర్ ముగుస్తుంది’ అన్న సందేశానికి తొందరపడనక్కరలేదు.

షరతులు ఎంత కఠినంగా ముద్రించినా వాటికి చట్టంలో అంత బలం ఉండదు. 2024 జనవరి మార్గదర్శకాలు పూర్తి ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి దామాషా ప్రకారం పది రోజుల్లో డబ్బు తిరిగి ఇవ్వాలని, హాస్టల్‌లో ఉంటే ఆ రుసుమూ భోజన రుసుమూ కూడా అలాగే ఇవ్వాలని చెబుతున్నాయి. నాలుగు నెలలకు 14,000 కట్టి నెల తరువాత మానేస్తే ఆ లెక్కన 10,500 రూపాయలు రావాలి. అయితే ఇవి రాష్ట్రాలు అమలుచేయవలసిన మార్గదర్శకాలే తప్ప నేరుగా చట్టం కావు, యాభై మందికి మించి చదివే కేంద్రాలనే ఉద్దేశించినవి కాబట్టి ఇంటి ట్యూషన్‌కు వర్తించవు కూడా. వీటికంటే గట్టి ఆధారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం. విశ్వవిద్యాలయాల బోధన అంతకుముందున్న వినియోగదారుల చట్టం పరిధిలోకి రాదని చెప్పిన జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 జనవరిలో మను సోలంకి కేసులో కోచింగ్ సంస్థలను మాత్రం ఆ మినహాయింపు నుంచి వేరుచేసింది. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేసే వీలు 2019 చట్టంలో ఉంది, కాబట్టి సంస్థ హైదరాబాదులో ఉన్నా బెంగళూరులో ఉన్నా పొందూరు వ్యక్తి శ్రీకాకుళం జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల రూపాయలు దాటకపోతే ఫిర్యాదు రుసుము ఉండదు. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెబితే సంస్థతో మాట్లాడి పరిష్కరించే ప్రయత్నం జరుగుతుంది, చిన్న మొత్తాలకు అది చాలావరకు సరిపోతుంది.

నోటి మాటతో ఈ మార్గాలేవీ నడవవు. కట్టిన తేదీ, కోర్సు పేరు, కాలం, గంటలు, పన్ను సంఖ్య ఉన్న రసీదు కావాలి. కరపత్రం కూడా దాచవలసిన పత్రమే, ఎందుకంటే ఉద్యోగం ఖాయమని, ఫలానా ర్యాంకు తమదేనని తప్పుదారి పట్టించే ప్రకటనలను కోచింగ్ రంగంలో నిరోధిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. కోర్సు కాలం, ఫీజు, వాపసు షరతుల గురించి తప్పు చెప్పడం కూడా వాటి కిందికే వస్తుంది.

పొందూరు కుటుంబం ఈ మూడింటిలో ఏ ఒక్కదానినీ పూర్తిగా ఎంచుకోలేదు. గణితానికి ఇంటి ట్యూషన్ మూడు నెలలు, నెలనెలా కడుతూ, 6,000 రూపాయలకు పూర్తయింది. తక్కిన సబ్జెక్టులు పాఠ్యపుస్తకాల నుంచే చదవడం జరిగింది. ఆన్‌లైన్ కోర్సును ప్రకటన వచ్చేవరకు కొనకుండా ఆపి, 2025 ఏప్రిల్ చివరలో కొన్నారు, దాని ఆరు నెలల గడువులో పరీక్ష సుఖంగా ఇమిడింది. జిరాక్స్‌తో కలిపి అది 7,700, మొత్తం 13,700 రూపాయలు. కేంద్రంలో ఒకేసారి కట్టి, మెటీరియల్ కొని, హాస్టల్‌లో ఉండి ఉంటే అయ్యే 36,500తో పోలిస్తే 22,800 తక్కువ, పైగా ఆ కోర్సు 2024 నవంబరులోనే ముగిసి ఉండేది. ఈ ఫలితం అందరికీ వర్తించదు. ఇంట్లో చదవడానికి చోటు లేనివారికి, నాలుగు సబ్జెక్టుల్లో వెనుకబడినవారికి, తోటివారు చదువుతుంటే తప్ప పుస్తకం తెరవలేనివారికి కేంద్రంలోని 97 రూపాయల గంటే నిజంగా చవక కావచ్చు. వారు సైతం నెలవారీగానే కట్టడం మేలు, దగ్గరలో వెనుకబడిన తరగతుల స్టడీ సర్కిల్ లేదా గిరిజనాభివృద్ధి సంస్థ ఉచిత శిక్షణ నడుస్తోందేమో ముందుగా విచారించడం ఇంకా మేలు.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. కాబట్టి కోచింగ్ రసీదునూ కరపత్రాన్నీ పరీక్ష ఫలితాలు వచ్చాక కూడా కనీసం అంతకాలం పారవేయకుండా ఉంచుకోవాలి.